మీటింగ్‌కి పది నిమిషాలు లేటవుతోందా? మెసేజ్ ఇలా పెట్టండి

బెంగళూరులో మా టీమ్‌లోకి కొత్తగా వచ్చిన పిల్లలు, చేరిన నెలలోపే ఏదో ఒక రోజు మారతహళ్లి బ్రిడ్జి దగ్గర బస్సులో ఇరుక్కుపోయి, నాకు ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఒకటే. "అక్కా, లేటయ్యేలా ఉంది, గ్రూప్‌లో ఏమని పెట్టమంటారు?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చింది, అందుకని ఒకచోట రాసి పెడుతున్నాను. ఇదంతా ఓ పది నిమిషాలు, మహా అయితే పదిహేను నిమిషాల లేటుకి మాత్రమే. అరగంట దాటేలా ఉంటే మెసేజ్‌తో పని జరగదు, ఫోన్ చేసి మీటింగ్ వెనక్కి జరుపుతారా, మీరు లేకుండా కానిచ్చేస్తారా అని అడగాల్సిందే.

గదిలో కూర్చుని మీ మెసేజ్ చదివేవాళ్లకి కావాల్సినవి రెండే విషయాలు. మీరు ఎన్నింటికి కుర్చీలో ఉంటారు, అప్పటిదాకా వాళ్లేం చెయ్యాలి. ఎందుకు లేటయిందన్నది అప్పటికి ఎవరికీ అక్కర్లేదు. రోడ్డు ఎలా ఉంటుందో వాళ్లకీ తెలుసు, వాళ్లూ అదే రోడ్డు మీద వచ్చారు.

ముందే ఉండాల్సినవి

ఫోన్‌లో చార్జింగ్, డేటా సంగతి చెప్పక్కర్లేదు. అవి కాక మూడు కావాలి. ఆ మీటింగ్‌కి వచ్చేవాళ్లందరూ ఉన్న గ్రూప్ ఏదో ముందే తెలిసి ఉండాలి, బస్సులో నిలబడి వెతుక్కునే పరిస్థితి ఉండకూడదు. ఆ గదిలో కచ్చితంగా ఉండే ఒక్కరి ఫోన్ నంబర్ కావాలి. ఇక మూడోది, చాలామంది దగ్గర లేనిది, మీరు దిగే చోటు నుంచి మీటింగ్ గదిలో కుర్చీ దాకా ఎన్ని నిమిషాలు పడుతుందో తెలిసి ఉండాలి. ఏదో ఒక రోజు తీరిగ్గా ఉన్నప్పుడు ఫోన్‌లో గడియారం చూసుకుంటూ నడవండి. నాకు 7 నిమిషాలు పడుతుంది. బస్సు దిగి గేటు దాకా 2, బ్యాగు చెకింగ్, కార్డు కలిపి 1, లిఫ్ట్ దగ్గర 3 (పది గంటలప్పుడు మా లిఫ్ట్ ముందు క్యూ చూస్తే దసరా సెలవుల ముందు రిజర్వేషన్ కౌంటర్ గుర్తొస్తుంది), గది దాకా ఇంకో నిమిషం.

1. లేటు ఎంతో లెక్కగట్టండి

మ్యాప్స్ చూపించే టైము మీరు దిగే చోటు దాకానే, కుర్చీ దాకా కాదు. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. మ్యాప్స్‌లో 10:01 అని కనిపిస్తుంది, "ఒక్క నిమిషమే కదా" అనుకుని అసలు మెసేజే పెట్టరు, తీరా గదిలోకి అడుగుపెట్టేసరికి 10:08 అవుతుంది.

కాబట్టి మ్యాప్స్ టైముకి మీరు దిగే చోటు నుంచి కుర్చీ దాకా పట్టే నిమిషాలు కలపండి. వచ్చిన దాన్ని పైకి, దగ్గర్లోని అయిదుకి సవరించండి. 10:08 వస్తే 10:10 అని, 10:11 వస్తే 10:15 అని రాయండి. కిందికి మాత్రం సవరించకండి. 10:10 అని చెప్పి 10:08కి వస్తే ఎవరూ ఏమీ అనరు, 10:05 అని చెప్పి 10:08కి వస్తే ఆ మూడు నిమిషాలూ అందరూ తలుపు వైపే చూస్తుంటారు.

బండి మీదో, కారులోనో మీరే నడుపుతూ ఉంటే మాత్రం ఈ లెక్కా, మెసేజూ రెండూ పక్కకి ఆపాకే. నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకోవడం చట్టప్రకారం నేరం, పైగా ఔటర్ రింగ్ రోడ్డు మీద బండ్ల మధ్య సందు ఎంత ఉంటుందో మీకు నేను చెప్పాలా. సిగ్నల్ దగ్గర ఆగాం కదా అని కూడా తియ్యకండి, సర్వీస్ రోడ్డులోకి దిగి ఆపుకోండి. దానికి ఇంకో నిమిషం పోతుంది, ఆ నిమిషాన్ని కూడా లెక్కలో వేసుకోండి.

2. లేటని తేలిన వెంటనే పెట్టండి, మీటింగ్ మొదలయ్యాక కాదు

"ఇంకో సిగ్నల్ దాటితే ట్రాఫిక్ వదులుతుందేమో, చూద్దాం" అని ఆగుతారు. నేనూ చాలాసార్లు ఆగాను. అలా ఆగి ఆగి 9:59కి పెట్టిన మెసేజ్ వల్ల ఉపయోగం దాదాపు లేదు, అప్పటికే అందరూ వచ్చి కూర్చుని ఉంటారు. అదే 9:45కి పెడితే మీటింగ్ నడిపేవాళ్లు మీ అంశాన్ని కిందికి జరిపి ఇంకొకటి పైకి తెచ్చుకోగలరు, లేదా "సరే, మేమూ పదిన్నరకే కలుద్దాం" అనుకోగలరు.

మెట్రోలో వచ్చేవాళ్లకి ఇంకో మాట. పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్ వైపు వెళ్తుంటే ఎంజీ రోడ్డు దాకా రైలు పైనే నడుస్తుంది, అది దాటాక కబ్బన్ పార్క్ దగ్గర భూమిలోకి దిగుతుంది. కింద సిగ్నల్‌ని నమ్ముకోవద్దు, ఎంజీ రోడ్డు వచ్చేలోపే పంపేయండి. లేకపోతే మీరు పంపాననుకుంటారు, అది మీ ఫోన్‌లోనే గడియారం గుర్తుతో కూర్చుని ఉంటుంది.

3. మెసేజ్ రాయండి

మొదటి మాటే టైము కావాలి. ఎదుటివాళ్ల ఫోన్ తెర మీద నోటిఫికేషన్‌లో మొదటి నాలుగైదు మాటలే కనిపిస్తాయి. "గుడ్ మార్నింగ్ ఆల్, హోప్ అందరూ బాగున్నారు" అని మొదలుపెడితే వాళ్లకి కనిపించేది ఆ గుడ్ మార్నింగే, అసలు సంగతి లోపలే ఉండిపోతుంది.

టైము అంకెల్లోనే రాయండి. "పది నిమిషాలు లేటు" అని రాయకండి, ఎందుకంటే ఎప్పటి నుంచి పది అన్నది మీకొక్కరికే తెలుసు. మీరు 9:48కి పెట్టిన "పది నిమిషాల్లో ఉంటా"ని ఒకాయన 10:02కి చదివి, 10:12 అనుకుంటాడు. ఇంకొకరు 9:50కి చదివి, పదింటికల్లా వచ్చేస్తారులే అనుకుంటారు. మన తెలుగులో ఇంకో చిక్కుంది, "పదికి పది నిమిషాలు" అని రాస్తే తొందరలో చదివేవాళ్లకి అది 9:50 అనిపిస్తుంది. 10:10 అని రాస్తే ఏ గొడవా లేదు.

ఇక "వచ్చేస్తున్నా", "దారిలో ఉన్నా", "ఇదిగో బయల్దేరా" లాంటివి పూర్తిగా మానేయండి. "వచ్చేస్తున్నా" అంటే ఇంకా స్నానం కాలేదని, "దారిలో ఉన్నా" అంటే ఇప్పుడే చెప్పులేసుకుంటున్నానని మనవాళ్లందరికీ తెలుసు. నిజంగా దారిలో ఉండి రాసినా నమ్మేవాళ్లు లేరు.

టైము తర్వాత వాళ్లేం చెయ్యాలో ఒక్క ముక్క. ఇది లేకపోతే పది నిమిషాలూ అందరూ "ఆగుదామా, మొదలుపెడదామా" అని మొహమొహాలు చూసుకుంటారు, మీ పది నిమిషాల లేటు ఆరుగురికీ చుట్టుకుంటుంది. ఒక సారీ చాలు. "క్షమించగలరని ప్రార్థన" లాంటివి పది నిమిషాలకి మరీ బరువు, చదివేవాళ్లకి ఏదో పెద్దదే జరిగిందేమోనని టెన్షన్.

మామూలుగా వచ్చే మెసేజ్ ఇలా ఉంటుంది:

"గుడ్ మార్నింగ్ అండి అందరికీ. సారీ సారీ, ఈరోజు చాలా ట్రాఫిక్‌గా ఉంది, బస్ కూడా లేటుగా వచ్చింది, మెట్రో పనుల వల్ల ఒక లైన్ మూసేశారు. కొంచెం లేటవుతుంది, వచ్చేస్తున్నాను. మళ్లీ సారీ."

ఇన్ని మాటల్లో టైము ఎక్కడుందో వెతకండి. లేదు. దీన్నే ఇలా రాయొచ్చు:

"10:10కి ఉంటాను, సారీ అండి. నా డెమో చివర్లో పెట్టుకుందాం, టెస్టింగ్ రిపోర్ట్‌తో మొదలుపెట్టేయండి."

పెద్దవాళ్లు ఉన్న గ్రూప్ అయితే "మొదలుపెట్టేయండి" అన్నమాట కొంచెం తేడాగా వినిపిస్తుంది, మనమేదో అనుమతి ఇస్తున్నట్టు. మా మేడమ్ ఉన్నప్పుడు నేను "నా కోసం ఆగకండి మేడమ్, నా భాగం చివర్లో ఉన్నా పర్లేదు" అని రాస్తాను. చెప్పేది అదే, కానీ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఆవిడ చేతిలోనే ఉంటుంది. సమవయసు వాళ్లే ఉన్న గ్రూప్‌లో ఇంత ఆలోచించక్కర్లేదు, "10:10కి ఉంటా, మీరు కానివ్వండి" చాలు. గ్రూప్‌లో తెలుగు రానివాళ్లు ఒక్కరున్నా ఇదే మాట ఇంగ్లీషులో పెట్టండి. తెలుగువాళ్లం నలుగురం ఉన్నాం కదా అని తెలుగులో పెడితే, మెసేజ్ అందాల్సిన ఆ కన్నడ అబ్బాయికే అందదు.

4. ఎక్కడ పెట్టాలి

ఆ నిమిషంలో వాళ్ల చూపు ఎక్కడ ఉంటుందో అక్కడ, ఒక్కచోటే. ఈమెయిల్ వద్దు, పదికి అయిదు నిమిషాల ముందు ఎవరూ మెయిల్ చూడరు, లాప్‌టాప్ మూసి చేత్తో పట్టుకుని నడుస్తుంటారు. గ్రూప్‌లో పెట్టి, విడిగా మేడమ్‌కి పెట్టి, మళ్లీ మెయిల్ కూడా కొడితే మూడుచోట్లా మూడు జవాబులు వస్తాయి, ఎవరికి ఏం చెప్పారో మీకే గుర్తుండదు.

మీటింగ్ టీమ్స్‌లో పెట్టినదైతే, ఆ మీటింగ్‌కి సంబంధించిన చాట్ ముందే తెరిచి అందులో రాయొచ్చు, ఆహ్వానం ఉన్నవాళ్లకి అది చేరుతుంది. జూమ్‌లో అయితే చాలాసార్లు లోపలికి వెళ్లాక గానీ చాట్ చేతికి రాదు, కాబట్టి వాట్సాపే నయం.

బయటి క్లయింట్ ఉంటే వాళ్లకి మీరు నేరుగా పెట్టకండి. మీ టీమ్ గ్రూప్‌లో పెట్టండి, గదిలో ఉన్నవాళ్లు నోటితో చెప్తారు. అయితే ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. గదిలో ఎవరో ఒకరి లాప్‌టాప్ అప్పటికే పెద్ద తెరకి కలిపి ఉంటుంది, దాంట్లో వాట్సాప్ తెరిచి ఉంటే మీ మెసేజ్ మూలన టక్కున పైకి లేచి అందరికీ కనిపిస్తుంది. ఒకసారి నేను మా గ్రూప్‌లో "10:10 అవుతుంది, అప్పటిదాకా ఆయన్ని ఏదో ఒకటి చెప్పి కూర్చోబెట్టండి" అని పెట్టాను. ఆ "ఆయన" హైదరాబాద్ నుంచి వచ్చిన క్లయింట్, తెలుగువాడే, తెర ముందే కూర్చుని ఉన్నాడు. నేను వెళ్లేసరికి నవ్వుతూ "కూర్చునే ఉన్నానండి" అన్నాడు. అప్పట్నుంచి, ఎవరు చదివినా పర్లేదు అనిపించే మెసేజే పంపుతున్నాను.

మీటింగ్ పిలిచింది మీరే అయితే, పది నిమిషాల కోసం క్యాలెండర్‌లో టైము మార్చకండి. మార్పు నోటీసు అందరికీ వెళ్తుంది, దాన్ని చూసినవాళ్లు 10:10కి వస్తారు, చూడనివాళ్లు 10:00కి వచ్చి ఖాళీ గదిలో కూర్చుంటారు. పైగా గది 10:00 నుంచి 11:00 దాకానే దొరికి ఉంటే, చివరి పది నిమిషాలూ తర్వాతివాళ్లు తలుపు కొడుతుంటారు.

5. చూశారో లేదో చూడండి

పంపడంతో పని అయిపోలేదు. వాట్సాప్ గ్రూప్‌లో రెండు నీలం టిక్కులు రావాలంటే అందరూ చదవాలి, ఒక్కరు చదవకపోయినా బూడిదరంగులోనే ఉంటాయి. అందుకని టిక్కులు చూసి కంగారు పడకండి. మెసేజ్‌ని నొక్కిపట్టి ఇన్ఫో తెరిస్తే Read by కింద చదివినవాళ్ల పేర్లు, Delivered to కింద ఫోన్‌కి చేరి ఇంకా చదవనివాళ్ల పేర్లు కనిపిస్తాయి. నీలం టిక్కులు ఆపేసుకున్నవాళ్ల పేర్లు కూడా గ్రూప్‌లో కనిపిస్తాయి, ఆ సెట్టింగ్ గ్రూపులకి వర్తించదు.

అందరి పేర్లూ అక్కర్లేదు. మీటింగ్ నడిపేవాళ్ల పేరు Read by కింద ఉందా లేదా, అంతే. లేకపోతే మొదలవడానికి అయిదు నిమిషాల ముందు దాకా ఆగి, ఇందాక చెప్పిన నంబర్‌కి ఫోన్ చెయ్యండి. "10:10కి వస్తున్నానని గదిలో చెప్పేయవా" అని పెట్టేయండి, కథలు వద్దు. అదే మెసేజ్‌ని మళ్లీ ఇంకోసారి గ్రూప్‌లో పెట్టడం మాత్రం వద్దు, మొదటిది చూసినవాళ్లకి అది చిరాకు, చూడనివాళ్లు రెండోదీ చూడరు.

టైము తప్పు రాశారనుకోండి, పంపిన 15 నిమిషాల లోపు అయితే వాట్సాప్‌లో దిద్దుకోవచ్చు. కానీ అప్పటికే ఎవరైనా చదివేసి ఉంటే దిద్దకండి, వాళ్లు మళ్లీ తెరిచి చూడరు. కింద కొత్తగా "10:15, పైన తప్పు రాశాను" అని పెట్టండి.

6. చెప్పిన టైము కూడా దాటితే

ఒక్కసారి మార్చి చెప్పొచ్చు, అదీ మొదట చెప్పిన టైము రాకముందే. రెండోసారి కూడా మార్చాల్సి వస్తోందంటే ఇక టైము చెప్పడం ఆపేసి, "నేను లేకుండానే కానివ్వండి, వచ్చాక తెలుసుకుంటాను" అనేయండి. లింకు ఉన్న మీటింగ్ అయితే ఫోన్‌లోనే చేరి, మైకు ఆపుకుని వినండి. మైకు ఆపడం మర్చిపోతే కండక్టర్ అరుపులు మీటింగ్ మొత్తానికి వినిపిస్తాయి.

పోయిన నెలలో నాకు జరిగింది వరసగా చెప్తాను. 10:00కి బెళ్లందూరు ఆఫీసులో రివ్యూ, నేను కేఆర్ పురంలో బస్సెక్కాను. 9:41కి బస్సు మారతహళ్లి బ్రిడ్జి ముందు ఆగిపోయింది. మ్యాప్స్‌లో మా స్టాపుకి 10:01 చూపించింది, నా 7 నిమిషాలు కలిపితే 10:08, సవరిస్తే 10:10. 9:43కి గ్రూప్‌లో పెట్టాను: "10:10కి ఉంటాను, సారీ మేడమ్. నా కోసం ఆగకండి, డెమో చివర్లో ఉన్నా పర్లేదు." 9:47కి చూస్తే మేడమ్ పేరు Read by కింద ఉంది, టీమ్‌లో అబ్బాయి "సరే అక్కా, టెస్టింగ్ ముందు తీసుకుంటాం" అన్నాడు. అక్కడితో నిశ్చింత.

కానీ బస్సు కాడుబీసనహళ్లి దగ్గర మళ్లీ ఆగింది. 10:01కి మ్యాప్స్ చూస్తే స్టాపుకి 10:07, కలిపితే 10:14. వెంటనే "10:15 అవుతుంది, డెమో 10:20 తర్వాత పెట్టండి" అని పెట్టాను. గదిలోకి వెళ్లేసరికి 10:13. టెస్టింగ్ రిపోర్ట్ సగంలో ఉంది. ఎవరూ తల తిప్పలేదు.

7. మీరు లేకపోతే మొదలే కాని మీటింగ్ అయితే

ఇది వేరే రకం, అందుకే చివరికి ఉంచాను. లింకు మీ పేరు మీద ఉంది, లేదా చూపించాల్సిన ఫైల్ మీ దగ్గరే ఉంది. అప్పుడు "మీరు కానివ్వండి" అంటే సరిపోదు, దేనితో కానివ్వాలి? మెసేజ్‌లో మూడో ముక్క చేర్చాలి, ఆ వస్తువు ఎవరి చేతికి ఇచ్చారని.

"10:10కి ఉంటాను, సారీ అండి. ఫైల్ లింకు కింద పెట్టాను, మొదటి మూడు స్లైడ్లు మీరు చూపించేయండి, మిగతావి నేను వచ్చి చెప్తాను."

ఇక్కడ దాదాపు అందరూ చేసే తప్పు, లింకు పంపుతారు, చూసే అనుమతి ఇవ్వరు. గదిలో అందరి ముందూ ఆ అబ్బాయి లింకు నొక్కితే అనుమతి అడగమని తెర వస్తుంది, ఆ అడిగింది మీ మెయిల్‌కి వస్తుంది, మీరేమో బస్సులో కడ్డీ పట్టుకుని వేలాడుతుంటారు. కాబట్టి లింకు పంపాక "ఒకసారి తెరిచి చూడవా" అని అడగండి, "తెరుచుకుంది" అన్న జవాబు వచ్చేదాకా ఫోన్ జేబులో పెట్టకండి. ఇంకా సులువైన దారి, ఫైల్‌నే నేరుగా గ్రూప్‌లో పంపేయడం, అప్పుడు అనుమతి గొడవే ఉండదు.

జూమ్ మీటింగ్ మీ పేరు మీద ఉంటే, మీరు రాకముందే మిగతావాళ్లు చేరేలా సెట్టింగ్ పెట్టి ఉందో లేదో ముందురోజే చూసుకోండి. అది లేకపోతే మీరు వచ్చేదాకా అందరూ ఎదురుచూపుల తెర ముందే ఉంటారు, మీ మెసేజ్ ఎంత బాగా రాసినా ఆ తెర తెరుచుకోదు. సెట్టింగ్ మార్చే వీలు లేకపోతే బస్సులోంచే ఫోన్‌లో మీటింగ్ తెరిచి, గదిలో ఉన్న ఒకరిని హోస్ట్‌గా చేసేయండి, తర్వాత మీ సిగ్నల్ పోయినా వాళ్ల మీటింగ్ ఆగదు.

మెసేజ్ ముందే రాసి పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. వాట్సాప్‌లో మీకు మీరే పంపుకునే చాట్ ఉంటుంది కదా, అందులో రెండు రకాలూ దాచుకుని అవసరమైనప్పుడు కాపీ చేసుకోండి. కానీ టైము ఉన్నచోట అంకెలు పెట్టకుండా గీతలు పెట్టి దాచుకోండి, "__:__కి ఉంటాను" అని. నేను మొదట్లో 10:10 అనే దాచుకున్నాను. ఒక రోజు మధ్యాహ్నం మూడింటి మీటింగ్‌కి అదే కాపీ చేసి పంపేశాను, "10:10కి ఉంటాను" అని. "రాత్రికా అక్కా?" అని జవాబొచ్చింది.